టోఫెల్ దరఖాస్తు విధానం: ఇల్లా, సెంటరా అన్నది నోట్స్‌ని బట్టి తేల్చుకోండి

ముందు టోఫెల్ నిర్వహించే ఈటీఎస్ సంస్థ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరవాలి. పేరు, ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఏ వరసలో, ఏ స్పెల్లింగ్‌తో ఉంటే అలాగే నింపండి, ఎందుకంటే తేడా ఉంటే పరీక్ష రోజు లోపలికి పంపకపోవచ్చు. తర్వాత వచ్చే ప్రశ్న, పరీక్ష సెంటర్‌లో రాస్తారా, ఇంట్లోనా అని. చాలామంది దీన్ని ప్రయాణం ఖర్చు చూసి తేల్చేస్తారు గానీ, లిజనింగ్‌లో నోట్స్ దేనిమీద రాస్తారన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది.

సెంటర్‌లో కాగితం, పెన్సిల్ వాళ్లే ఇస్తారు, చివర్లో తీసుకుంటారు. ఇంట్లో మామూలు కాగితం మీద రాయనివ్వరు. చిన్న వైట్‌బోర్డ్ గానీ, పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన ఒక కాగితం గానీ ఉండాలి, దాని మీద చెరిగిపోయే మార్కర్‌తోనే రాయాలి, పరీక్ష అయ్యాక చెరిపేసి కెమెరాకి చూపించాలి. మార్కర్ గీత లావుగా పడుతుంది, చోటు ఇట్టే అయిపోతుంది. అందుకే ఇల్లు ఎంచుకునేవాళ్లు అదే బోర్డు మీద కనీసం రెండు వారాలు ప్రాక్టీస్ చేయాలని నా గట్టి అభిప్రాయం.

లెక్చర్ ఒక్కసారే వినిపిస్తుంది, ప్రశ్నలు ఆ తర్వాతే కనిపిస్తాయి. అందుకని అన్నీ రాయబోతే వినడం ఆగిపోతుంది. పక్షుల వలస మీద లెక్చర్ అనుకుందాం. నెదర్లాండ్స్‌లో పట్టిన స్టార్లింగ్ పక్షుల్ని స్విట్జర్లాండ్‌కి తీసుకెళ్లి వదిలారు, పిల్లపక్షులు పుట్టుకతో వచ్చిన దిక్కునే పట్టుకుని స్పెయిన్ వైపు వెళ్లిపోయాయి, అంతకుముందు ఒకసారి వలస వెళ్లొచ్చిన పెద్దవి మాత్రం దారి సరిచేసుకుని ఎప్పుడూ వెళ్లే చోటికే బయల్దేరాయి. నేనైతే ఇంతే రాస్తాను:

పిల్ల → అదే దిక్కు (తప్పు చోటు)
పెద్ద → దారి మార్చె (సరైన చోటు)
అంటే: దిక్కు పుట్టుకతో, చోటు అనుభవంతో

నోట్స్‌కి మార్కులుండవు, ఎవరూ దిద్దరు, కాబట్టి తెలుగులో రాసుకున్నా ఫర్వాలేదు. దేశాల పేర్లు వదిలేశాను చూడండి. "ప్రొఫెసర్ పెద్ద పక్షుల సంగతి ఎందుకు ఎత్తారు?" అని అడిగితే మూడో వరసలో జవాబుంది: అనుభవం ఏం నేర్పుతుందో చూపడానికి. "పెద్ద పక్షులు వేగంగా ఎగిరాయి" లాంటి ఆప్షన్ వస్తే, వేగం మాట నోట్స్‌లోనూ లేదు, లెక్చర్‌లోనూ వినలేదు, కాబట్టి కొట్టేయొచ్చు. లెక్చర్‌లో విన్న పదాలే పెట్టి సంబంధం తిప్పేసిన ఆప్షన్లే అసలు చిక్కు: పిల్లలు దారి మార్చాయి, పెద్దవి మార్చలేదు అన్నట్టు. అక్కడ కాపాడేవి బాణం గుర్తులే.

2026 జనవరిలో పరీక్ష విధానం మారింది, లెక్చర్లు పొట్టివయ్యాయి. పాత 5 నిమిషాల ఆడియోలతో మాత్రమే ప్రాక్టీస్ చేయకుండా, డబ్బు కట్టే ముందు ఈటీఎస్ కొత్త నమూనా పరీక్ష ఒకటి మీ బోర్డు మీద రాసి చూసుకోండి. గీతలు మీకే అర్థం కాకపోతే సెంటర్ ఎంచుకోండి.