ఓట్లు గీతలతో లెక్కపెట్టి, ఆరు బూత్‌ల షీట్లు కలపడం ఎలా?

మా ఉద్యోగుల సంఘం జిల్లా ఎన్నికకు ఆరు బూత్‌లు పెట్టాం. శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం. అధ్యక్ష పదవికి ముగ్గురు పోటీ, గుర్తులు గొడుగు, ఉంగరం, కుండ. బ్యాలెట్ పేపర్లే కాబట్టి లెక్కంతా చేత్తోనే. మీ సంఘంలోనో, అపార్ట్‌మెంట్‌లోనో ఇలాంటి ఎన్నిక ఉంటే ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు గుర్తులు చూడకుండా బాక్స్‌లోని బ్యాలెట్లన్నీ తిరగేసి లెక్కపెట్టండి. నరసన్నపేటలో 138 వచ్చాయి. ఈ అంకెను షీటు పైన పెన్నుతో రాసేయండి, చివర్లో మనల్ని కాపాడేది ఇదే. ఓటేసిన వాళ్ల సంతకాల జాబితాతో కూడా సరిపోవాలి.

ఇప్పుడు ఒకరు బ్యాలెట్ అందరికీ చూపించి గుర్తు పేరు చదవాలి, ఇంకొకరు అదే పేరు తిరిగి పలికి గీత గీయాలి. నాలుగు నిలువు గీతలు, ఐదో ఓటుకి వాటి మీదుగా ఒక అడ్డగీత. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఐదు నిలువు గీతలు గీసేసి పైన అడ్డగీత పెడతారు, అప్పుడు ఆరు ఓట్లు ఉన్న గుంపుని మనం ఐదుగా లెక్కేస్తాం, ఒక ఓటు మాయమైపోతుంది. అందుకే గీసేవాళ్లు ఐదో ఓటు దగ్గర "అడ్డం" అని పైకి అనాలి.

ఒక వరసలో ఐదు గుంపులే పెట్టండి, తర్వాత కింది వరసకి దిగండి. వరస నిండితే 25. చదివిన బ్యాలెట్‌ని ఆ గుర్తు దొంతరలో వేస్తూ పోయి, చివర్లో దొంతరని 25 చొప్పున కట్టలు కడితే ఒక వరసకి ఒక కట్ట రావాలి. గొడుగుకి 53 వచ్చాయంటే షీటులో రెండు నిండు వరసలు, మూడు గీతలు; బల్ల మీద రెండు కట్టలు, మూడు విడి బ్యాలెట్లు. గీత పక్క గడిలో పడినా, గీయడం మర్చిపోయినా ఇక్కడ దొరికిపోతుంది. కానీ బ్యాలెట్టే తప్పుగా చదివి తప్పు దొంతరలో వేస్తే ఏ కూడికా పట్టుకోలేదు. దానికి ఒకటే దారి, ప్రతి కట్టనీ అవతలి పక్షం మనిషి ఒక్కో కాగితం తిప్పి చూడాలి.

నరసన్నపేట షీటు ఇలా ముగిసింది: గొడుగు 53, ఉంగరం 61, కుండ 18, చెల్లనివి 6. కలిపితే 138, పైన రాసిన అంకెతో సరిపోయింది. చెల్లని ఓట్లకు కూడా ఒక గడి ఉండాలి, లేకపోతే ఈ సరిచూపు కుదరదు.

ఇక ఆరు షీట్లు కలపడం. పెద్ద కాగితం మీద అడ్డంగా ఒక్కో బూత్‌కి ఒక వరస, నిలువుగా గొడుగు, ఉంగరం, కుండ, చెల్లనివి, చివర్లో బాక్స్ లెక్క. ఈ చివరి గడిని వరస కూడి నింపకండి, షీటు పైన ముందే రాసుకున్న అంకెని చూసి ఎక్కించండి. కూడి రాస్తే ఎక్కించడంలో జరిగిన తప్పు ఆ కూడికలోనూ కలిసిపోయి అంతా సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది.

మాకు మొదట గొడుగు 304, ఉంగరం 320 వచ్చాయి. ఉంగరం వాళ్లు అప్పటికే బయట చప్పట్లు కొడుతున్నారు. కానీ కుండ 111, చెల్లనివి 29 కూడా కలిపితే 764, బాక్స్ లెక్కల మొత్తం చూస్తే 782. తేడా 18. ఇలాంటప్పుడు తేడాని తొమ్మిదితో భాగించి చూడండి, శేషం లేకుండా పోతే ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యే అవకాశం ఎక్కువ. ప్రతి వరసనీ దాని బాక్స్ లెక్కతో చూసుకుంటూ వచ్చాం, నరసన్నపేట దగ్గర ఆగింది. 53ని నేనే 35 అని ఎక్కించాను. సరిదిద్దితే గొడుగు 322, ఉంగరం 320. రెండే ఓట్ల తేడా! తప్పు అంకెని చెరపకుండా ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, మూడు పక్షాల వాళ్లతో సంతకం పెట్టించాం. తేడా అంత తక్కువ కాబట్టి ఆరు బూత్‌ల కట్టలూ తెప్పించి మళ్లీ తిప్పి చూశాం, అంకె మారలేదు.

తేడా సరిగ్గా 30 వస్తే ఫోన్‌లో విన్న అంకెల్ని అనుమానించండి. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు యాభై, ఎనభై ఒకేలా వినిపిస్తాయి. "యాభై మూడు, ఐదు మూడు" అని రెండు రకాలుగా చెప్పించుకుని, రాసుకున్నది తిరిగి చదివి వినిపించండి. షీటు ఫోటో వాట్సాప్‌లో వచ్చినా, సంతకాలున్న అసలు కాగితం చేతికొచ్చేదాకా ఫలితం ప్రకటించకండి.