"వాళ్లెక్కడో దూరంగా ఉన్నారు కదా" అనే మాటను ఎలా పరీక్షించుకోవాలి?

1971లో తూర్పు బెంగాల్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. వాళ్ల గురించే ఆలోచిస్తూ పీటర్ సింగర్ అనే పాతికేళ్ల తత్వవేత్త ఒక వ్యాసం రాశాడు. దూరం వల్ల మన బాధ్యత తగ్గదన్నది అతని వాదన. అది నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి మీకు ఒక కాగితం, పెన్ను చాలు.

1. ముందు అతనిచ్చిన ఉదాహరణ రాయండి. మీరు వెళ్లే దారిలో లోతులేని కుంటలో ఒక పసివాడు మునిగిపోతున్నాడు. దిగితే మీ బట్టలు పాడవుతాయి, అంతే. దిగాలా? ఎందుకు? "పోయేది వాడి ప్రాణం, నాకు పోయేది బట్టలే" అంటారు. ఆ జవాబులో కుంట ఎంత దూరమన్న లెక్క లేదు.

2. ఇప్పుడు దూరం ఒక్కటే మార్చండి. పిల్లాడు బెంగాల్ శిబిరంలో కలరాతో ఉన్నాడు. చాలామంది తడబడేది ఇక్కడే. దూరంతోపాటు "సాయం చేరుతుందా?", "నేనే ఎందుకు?", "నావాళ్లు కాదుగా" అన్నవి కూడా తోసుకొస్తాయి. అవి వేరే ప్రశ్నలు, విడిగా రాయండి.

3. చేరుతుందా అన్నది విచారిస్తే తేలుతుంది. బనగావ్ శిబిరంలో సెలైన్ సరిపోకపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీళ్లలో 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి తాగించారు. రోగుల పక్కన కూర్చున్న బంధువులే కప్పులతో పట్టారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. అంత చవకైన సాయం అది.

4. నేనే ఎందుకు? గట్టు మీద పదిమంది చేతులు కట్టుకుని నిలబడితే మీరు కుంటలో దిగడం మానరు కదా. అందరూ తలా కొంత వేస్తే మీ వాటా తగ్గుతుంది, నిజమే. 1971 నవంబర్ 15 నుంచి మనవాళ్లు ప్రతి ఉత్తరం మీదా శరణార్థుల కోసం అదనంగా 5 పైసల స్టాంపు అంటించారు.

5. నావాళ్లు కాదుగా అన్నది నాకు అన్నిటికంటే గట్టిగా కనిపిస్తుంది. కానీ కొడుకు డల్లాస్‌లో ఉన్నాడని గుంటూరులోని తల్లి మందుల ఖర్చు అతని బాధ్యత కాకుండా పోతుందా? అక్కడ లెక్కలోకొచ్చేది బంధం, దూరం కాదు. కన్నవాళ్లను ముందు చూసుకోండి, అది సబబే. ఆ తర్వాత మిగిలిన డబ్బు సంగతి తేలాలి.

6. ఎంత ఇవ్వాలి? మనం ఆపగలిగే కష్టమంత ముఖ్యమైనదాన్ని కోల్పోనంతవరకు ఇవ్వమంటాడు సింగర్. అలా ఇస్తూపోతే మనమూ దాదాపు శరణార్థి స్థితికి చేరతాం. ఇది మోయలేని బరువంటూ చాలామంది ఒప్పుకోలేదు, నేనూ అంత దూరం వెళ్లలేను. బట్టలతో పోల్చదగ్గ ఖర్చులేవో ఈ నెల లెక్కలోంచి ఏరి, ఆ మొత్తం కాగితం అడుగున రాయండి.