జీఎస్ఎంని ఔన్సుల్లోకి ఎలా మార్చాలి?

మిల్లువాళ్లు బట్ట బరువు జీఎస్ఎంలో చెబుతారు. అంటే ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అమెరికా బయ్యర్లు మాత్రం ఔన్సుల్లో అడుగుతారు. చదరపు గజం మనకు కొత్త కాదు, ప్లాట్లు కొనేది ఆ లెక్కనే. ఆ చదరపు గజం బట్ట ఎన్ని ఔన్సులుంటుందన్నదే వాళ్ల ప్రశ్న.

లెక్క చిన్నదే. జీఎస్ఎంని 33.9తో భాగించండి, అంతే. ఔన్సు అంటే 28.35 గ్రాములు, చదరపు గజం అంటే 0.836 చదరపు మీటరు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 33.9 వస్తుంది. కొందరు 28.35తో భాగించి ఆపేస్తారు, గజం సంగతి మరిచిపోతారు. అలా చేస్తే 180 జీఎస్ఎం టీషర్టు బట్ట 5.31 ఔన్సులు కావాల్సింది 6.35 అయి కూర్చుంటుంది. ఇంకొందరు 0.03తో గుణించేస్తారు. అదే బట్ట 5.4 చూపిస్తుంది, మొదటి దశాంశమే తప్పు. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉన్నప్పుడు ఈ అడ్డదారులు ఎందుకో నాకు అర్థం కాదు. 33.9తో భాగించడమే పద్ధతి.

అసలు చిక్కు లెక్కలో లేదు, కాగితం మీద రాసిన ఔన్సు ఏ గజానిదన్న దగ్గర ఉంది. ఇక్కడ కాస్త ఆగి చదవండి.

గజాలు రెండు రకాలు. చదరపు గజం ఒకటి. రోల్ నుంచి ఒక గజం పొడవు కత్తిరిస్తే, పన్నా ఎంతుంటే అంతా కలిసి వచ్చే రన్నింగ్ గజం రెండోది. బయట దేశాల సప్లయర్లు కొందరు రెండోదాన్నే వాడతారు. కొటేషన్‌లో `oz/yd²` ఉంటే చదరపు గజం. ఉత్త `oz/yd` అని గానీ, `oz` అని మాత్రమే గానీ ఉంటే అడగకుండా ముందుకు వెళ్లొద్దు.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. స్వెట్‌షర్టుల ఆర్డర్‌కి 280 జీఎస్ఎం ఫ్లీస్ కావాలి. అంటే 8.26 ఔన్సులు. ఒక సప్లయర్ 12 ఔన్సులని కొటేషన్ పంపాడు. కావాల్సినదానికంటే మందమే కదా అని సంతోషంగా ఒప్పుకున్నాను. రోల్ వచ్చాక చేత్తో పట్టుకుంటే పల్చగా ఉంది. అడిగితే అది రన్నింగ్ గజం లెక్క అన్నాడు, పన్నా 60 అంగుళాలు. గజం 36 అంగుళాలు కాబట్టి 12ని 36తో గుణించి 60తో భాగించాలి. వచ్చేది 7.2 ఔన్సులు. దాన్ని 33.9తో గుణిస్తే 244 జీఎస్ఎం. అడిగినదానికి 36 గ్రాములు తక్కువ. అందుకే ఇప్పుడు పన్నా రాయని కొటేషన్‌ని నేను చదవను కూడా.

ఆర్డర్ ఇచ్చేముందు శాంపిల్ తెప్పించుకుని తూచండి. గుండ్రని జీఎస్ఎం కట్టర్ కోసే ముక్క సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. దాని గ్రాములను వందతో గుణిస్తే జీఎస్ఎం. నా ఫ్లీస్ ముక్క 2.80 గ్రాములు తూగాల్సింది, కాటా మీద 2.44 దగ్గర ఆగింది. కాటా గ్రాములో వందో వంతు చూపించేది కావాలి. అంచుకి దగ్గరగా కోయకండి, పన్నా అడ్డంగా ఐదు చోట్ల కోసి సగటు తీయండి. కత్తెరతో పది సెంటీమీటర్ల చదరం కోస్తే సరిపోదా అంటారు. నేనొప్పుకోను. పొడవులో, వెడల్పులో ఒక్కో మిల్లీమీటరు ఎక్కువైనా బరువు రెండు శాతం పెరిగిపోతుంది. నూలు బట్ట తేమ పీలుస్తుంది కాబట్టి రోల్ విప్పి ఒక రాత్రి గదిలో ఆరనిచ్చాకే తూచాలి.

ఇక ఔన్సులను గుండు అంకె చేయకండి. 8.26ని 8 అని రాస్తే, దాన్ని మళ్లీ జీఎస్ఎంలోకి మార్చిన మిల్లువాడికి 271 కనిపిస్తుంది. మీరు అడగకుండానే 9 గ్రాములు పోయినట్టు. రెండు దశాంశాలు ఉంచండి, జీఎస్ఎం కూడా పక్కనే రాయండి. ఐదు శాతం అటూఇటూ ఒప్పుకుంటే 266 నుంచి 294 వరకు చెల్లుతుంది. నేను ఆర్డర్ షీట్‌లో ఇలా టైప్ చేస్తాను:

```
Fleece 280 gsm = 8.26 oz/yd² (±5%), width 60 in
```

దీని కింద తెలుగులో "ఉతకడానికి ముందు బరువు" అని చేర్చి, మిల్లువాళ్లకు ఫోన్‌లో కూడా ఆ మాట చెబుతాను. ఉతికితే అల్లిక బట్ట ముడుచుకుని జీఎస్ఎం పెరుగుతుంది. అప్పుడు తూచి చూపించి సరిపోయిందంటే, మనం ఇద్దరం వేర్వేరు బట్టల గురించి మాట్లాడుకుంటున్నట్టే.