మిక్సీ జారు అడుగున కారడం, కప్లర్ అరగడం, కాలిన వాసన: ముందు చూడాల్సింది జారునే

మిక్సీ రిపేరుకి తెచ్చేవాళ్లలో చాలామంది మోటారు ఒక్కటే సంచిలో పెట్టుకొని వస్తారు. జార్లు ఇంట్లోనే ఉంటాయి. "కప్లర్ పోయిందండీ, కొత్తది వేసి ఇవ్వండి" అంటారు. మోటారు తిప్పే బలాన్ని జారుకి అందించే పళ్ల ముక్కే కప్లర్, మోటారు మీద ఒకటి, జారు అడుగున ఒకటి ఉంటాయి. కొత్తది వేయించుకొని వెళ్తారు, కొన్నాళ్లకి మళ్లీ అదే కప్లర్, అదే మాట. ఈసారి దానికి తోడు కాలిన వాసన కూడా. కప్లర్ నాసిరకం అని తేల్చేసి ఇంకో షాపుకి వెళ్తారు. మంచి కప్లర్ ఏళ్ల తరబడి ఆడుతుంది. తరచూ పోతోందంటే దాన్ని అరగదీస్తున్నది జారే అయి ఉంటుంది. అందుకే మోటారు జోలికి పోకముందు ఇంట్లో ఎన్ని జార్లుంటే అన్నీ బయటపెట్టండి, చట్నీ జారుతో సహా.

ప్లగ్ తీసేసి, ఒక్కో జారునీ బోర్లించి, అడుగునున్న కప్లర్‌ని రెండు వేళ్లతో తిప్పండి. బాగున్న జారులో అది మెత్తగా, ఎక్కడా పట్టకుండా తిరుగుతుంది. వేళ్లకి బలం పెట్టాల్సి వచ్చినా, ఒకచోట తేలిగ్గా తిరిగి ఇంకోచోట పట్టేసినా ఆ జారు పాడైనట్టే. తర్వాత లోపల బ్లేడుని జాగ్రత్తగా పట్టుకొని పక్కలకి కదపండి. కంటికి కనిపించేలా అటూ ఇటూ ఊగితే బుష్, అంటే బ్లేడు షాఫ్ట్ తిరిగే ఇత్తడి గొట్టం, అరిగింది. ఇంత చిన్న పరీక్ష చేయకుండానే జనం మోటారు విప్పించుకుంటున్నారు, నా బాధంతా అదే.

జారు అడుగున కారుతోంది

ముందు నిజంగా కారుతోందో లేదో తేల్చుకోండి. జారు కడిగినప్పుడు అడుగు అంచు లోపల నీళ్లు నిలుస్తాయి. మిక్సీ మీద పెట్టగానే అవే కారతాయి. జారుని గుడ్డతో పొడిగా తుడిచి, లోపల రెండు అంగుళాల నీళ్లు పోసి, పాత న్యూస్‌పేపర్ మీద పది నిమిషాలు ఉంచండి. ఊరికే ఉన్నప్పుడే పేపరు తడిస్తే వాషరో సీలో గట్టిపడి చిట్లింది, లేదా బిగింపు వదులైంది. బ్లేడు మర విప్పి తీసే రకం జారైతే రబ్బరు రింగు తిరగబడి ఉందేమో చూడండి, కడిగి బిగించేటప్పుడు తరచూ అలా జరుగుతుంది. పేపరు పొడిగానే ఉండి, తిప్పినప్పుడు మాత్రమే మధ్యలోంచి కారితే షాఫ్ట్‌కీ బుష్‌కీ మధ్య సందు పెరిగింది. అప్పుడు వాషర్ ఒక్కటే మార్చి లాభం లేదు. షాఫ్ట్ ఊగుతూ ఉంటే కొత్త వాషర్‌ని కూడా కొద్దిరోజుల్లోనే కోసేస్తుంది. షాఫ్ట్, బుష్, వాషర్ సెట్‌గా మార్పించాలి.

పదే పదే కప్లర్ అరుగుతోంది

చాలామందిని, రిపేరు చేసేవాళ్లని కూడా, మోసం చేసేది ఇక్కడే. జారు మధ్యలో షాఫ్ట్ ఇత్తడి బుష్‌లో తిరుగుతుంది. సీలు కాస్త వదులైతే రుబ్బిన ముద్ద పల్చటి పొరలా బుష్‌లోకి దిగుతుంది. మన ఇళ్లలో ఆ ముద్ద ఏమిటి? గోంగూర, చింతపండు, ఉప్పు, పండుమిరపకాయ. పులుపూ ఉప్పూ కలిసి ఇత్తడిని తింటాయి. రాత్రికి అది ఎండి, షాఫ్ట్ చుట్టూ గట్టిగా అతుక్కుంటుంది. పొద్దున చట్నీ కోసం స్విచ్ వేయగానే మోటారు ఒక్కసారిగా లాగుతుంది, షాఫ్ట్ కదలదు, మధ్యలో నలిగేది కప్లర్ పళ్లు. ఒక్క క్షణంలో ఆ పట్టు విడిపోతుంది, జారు మామూలుగా తిరుగుతుంది. ఎవరికీ అనుమానం రాదు. కానీ స్విచ్ వేసిన ప్రతిసారీ పళ్లు కొంచెం కొంచెం గుండ్రబడుతుంటాయి.

పరీక్షలో దొరక్కపోవడానికి కారణం కూడా ఆ ముద్దే. జారు కడగ్గానే అది మెత్తబడుతుంది, వేలితో తిప్పితే హాయిగా తిరుగుతుంది. షాపుకి తెచ్చేముందు ఎవరైనా శుభ్రంగా కడిగే తెస్తారు కదా. చూసినవాళ్లు "జారు బాగానే ఉంది" అనేస్తారు. కాబట్టి ఈ పరీక్ష పొద్దున్నే, జారుకి తడి తగలకముందే చేయాలి. రాత్రంతా ఎండిన జారుని తిప్పి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, తప్పు చేసేది ఒక జారు, బయటపడేది ఇంకో జారు దగ్గర. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ 750 వాట్ల మిక్సీ తెచ్చారు. పెద్ద జారులో దోసెల పిండి వేస్తే గర్రుమని శబ్దం వస్తోంది, బ్లేడు తిరగడం లేదు. కప్లర్ అప్పటికే బయట రెండుసార్లు మార్పించారు. మోటారు మీద జారు కూర్చునే గుంటలో నల్లటి పొడి మేట వేసి ఉంది, అదంతా అరిగిన కప్లరే. పెద్ద జారు తిప్పి చూస్తే ఏ లోపమూ లేదు. చట్నీ జారు ఏదండీ అంటే, "అది బాగానే ఆడుతోందండీ, ఇంట్లో ఉంది" అన్నారు. తెప్పించాను. కడిగి తెచ్చారు, తడిమీద చక్కగా తిరిగింది. దాన్ని బల్ల మీద ఉంచేసి మర్నాడు పొద్దున చూస్తే రెండు వేళ్లతో కదల్లేదు. బోర్లించి కప్లర్ ఊడదీస్తే బుష్ అంచు చుట్టూ పచ్చటి చిలుము, దాని మీద ఎర్రగా ఎండిన కారం గీత. రోజూ కప్లర్‌ని కొరికింది ఆ చట్నీ జారు. చట్నీకి పెద్దగా బలం అక్కర్లేదు కాబట్టి అరిగిన పళ్లతోనే ఎలాగో ఆడేది. దోసెల పిండి ఆగకుండా బరువు లాగించేసరికి ఆ గుండ్రటి పళ్లు జారిపోయేవి. నింద పెద్ద జారు మీద పడింది. చట్నీ జారుకి షాఫ్ట్ బుష్ సెట్, దాని కింది కప్లర్, మోటారు మీది కప్లర్ మార్చాక ఆ బాధ పోయింది.

బుష్ ఊగకుండా ఉండి కేవలం పట్టేసిన జారైతే ఒకసారి ఇంట్లోనే ప్రయత్నించవచ్చు. జారు బోర్లించి బుష్ చుట్టూ వేడినీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి పోస్తూ అరగంట నాననిచ్చి, కప్లర్‌ని అటూ ఇటూ తిప్పుతూ కడగండి. మర్నాడు పొద్దున పొడిగా ఉన్నప్పుడు మళ్లీ తిప్పి చూడండి. మెత్తగా తిరిగితే సరే. మళ్లీ పట్టేస్తే సెట్ మార్చాల్సిందే. వంటనూనె చుక్క వేస్తే కొన్నాళ్లు తిరుగుతుంది, తర్వాత ఆ నూనే జిగురుగా మారి ఇంకా పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె మాత్రం అసలు వేయకండి, అది మీ పచ్చట్లోకే వస్తుంది.

కప్లర్ మార్చేటప్పుడు పైదీ కిందదీ కలిపి చూడండి. జారు కింది కప్లర్ పళ్లు గుండ్రబడి ఉంటే అది కొత్త మోటారు కప్లర్‌ని త్వరగా తినేస్తుంది. మర ఎటు తిప్పాలో తెలియక చాలామంది విరగ్గొడతారు. మోటారుని జారు లేకుండా ఒకటో స్పీడులో తిప్పి ఆపేయండి, నెమ్మదించేటప్పుడు ఎటు తిరుగుతోందో కనిపిస్తుంది. ప్లగ్ తీశాక, అడుగు మూత విప్పి షాఫ్ట్ కింది కొన కదలకుండా పట్టుకొని, మోటారు తిరిగే దిక్కుకే కప్లర్‌ని తిప్పితే ఊడుతుంది. జారు కప్లర్ దీనికి ఎదురు. బ్లేడుని మందపాటి గుడ్డతో పట్టుకొని, మోటారు తిప్పే దిక్కుకి వ్యతిరేకంగా తిప్పాలి. జారు బోర్లించి ఉన్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అది గుర్తుపెట్టుకోండి. కొన్ని రకాల్లో మధ్యలో స్క్రూ కూడా ఉంటుంది, ముందు అది తీయాలి.

కాలిన వాసన

ఏ వాసనో పట్టుకోండి. రబ్బరు మాడిన వాసన, గుంటలో నల్లపొడి ఉంటే అది కప్లర్, మోటారుకి ఇంకా ఏమీ కాలేదు. ముక్కుకి ఘాటుగా తగిలే వార్నిష్ వాసన, మోటారు ఒళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే వైండింగ్, అంటే మోటారులోని తీగ చుట్లు, వేడెక్కింది. కొత్త మిక్సీ మొదటి కొన్నిసార్లు కాస్త వార్నిష్ వాసన కొట్టడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు.

పాత మిక్సీలో వైండింగ్ వాసన వస్తే వెంటనే ఆపి, ప్లగ్ తీసి, మోటారు కప్లర్‌ని చేత్తో తిప్పి చూడండి. కార్బన్ బ్రష్‌ల వల్ల కొద్దిగా ఒరుసుకుంటుంది గానీ తేలిగ్గానే తిరగాలి. బరువుగా ఉందంటే జారులోంచి కారింది మోటారు బేరింగ్ దాకా దిగింది. చాలా మిక్సీల్లో జారు కూర్చునే గుంటలో ఓ పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, కారిన నీళ్లు బయటికి పోవడానికి. పిండి ఎండి అది మూసుకుపోతే నీళ్లు గుంటలో నిలిచి షాఫ్ట్ వెంట లోపలికి దిగుతాయి. అగ్గిపుల్లతో ఆ రంధ్రం పొడిచి శుభ్రం చేయండి. బేరింగ్ పట్టేసి ఉంటే మాత్రం విప్పించాలి.

మోటారు తేలిగ్గా తిరిగితే, పూర్తిగా చల్లారాక, బరువు ఎక్కువైతే మోటారుని ఆపేసే అడుగునున్న ఎర్ర బటన్ నొక్కి, జారు లేకుండా ఒకటో స్పీడులో కొన్ని సెకన్లు తిప్పండి. శబ్దం మామూలుగా ఉండి, వాసన తగ్గుతూ ఉంటే మోటారు బతికినట్టే, పట్టేసిన జారు సంగతి చూడండి. పొగ వచ్చినా, గాలి రంధ్రాల్లోంచి చుట్టూ నిప్పురవ్వలు కనిపించినా ఇంట్లో మళ్లీ వేయకండి. కార్బన్ బ్రష్ అయితే చిన్న పనే, మోటారులో తిరిగే భాగం, ఆర్మేచర్, అయితే పెద్ద ఖర్చు. విప్పితే గానీ ఏదో తెలియదు.

ఆ ఎర్ర బటన్ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేసి డైరెక్ట్ చేయించుకుంటున్నారు. దయచేసి చేయించకండి. పట్టేసిన జారుతో వైండింగ్ మాడిపోకుండా ఇంతకాలం కాపాడింది ఆ బటనే. అది పడిపోతుంటే జార్లు తిప్పి చూడండి. వాటిలో ఏ లోపమూ లేకపోతే మీరు ఆడించే తీరు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయకి ఆవపిండి, కారం ఏకబిగిన ఆడించడం మన దగ్గర మామూలు. ఇంటి మిక్సీ దానికి తట్టుకోదు. అయిదు నిమిషాలు ఆడించి రెండు నిమిషాలు ఆపమని చాలా మిక్సీల పుస్తకాల్లోనే ఉంటుంది. విజయవాడ ఎండల్లో నేనైతే ఇంకా ఎక్కువసేపు ఆపమంటాను.

జారు అడుగు చీలడం, స్పీడు స్విచ్ మాడటం, వోల్టేజీ తక్కువ కావడం కూడా ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి సంగతి.

బుష్ మార్పించాక జారుని రాత్రంతా సింకులో నానబెట్టకండి. పని అవగానే నీళ్లు పోసి పది సెకన్లు తిప్పి, ఒంపేసి, కప్లర్ పైకి ఉండేలా బోర్లించి ఆరబెట్టండి. పచ్చడి నూరిన రోజు ఇది తప్పనిసరి.