చాట్‌బాట్‌ను ఇంటర్వ్యూ అధికారిగా కూర్చోబెట్టి సరైన మార్కులు వేయించుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో డిగ్రీ పూర్తి చేసిన పిల్లలను సాయంత్రం పూట ఇంటర్వ్యూలకు సిద్ధం చేస్తుంటాను. వాళ్ళలో చాలామంది ఫోనులో చాట్‌బాట్ తెరిచి "నన్ను ఇంటర్వ్యూ చేసి మార్కులు వెయ్యి" అని ఒక్క వాక్యం రాస్తారు. పదికి ఎనిమిది వస్తుంది. ఆ ఎనిమిదిని నమ్ముకుని, మందుల కంపెనీలున్న పైడిభీమవరం బస్సెక్కుతారు. అక్కడ ల్యాబ్‌లో పనిచేసే మనిషి ఎదురుగా కూర్చుని రెండో ప్రశ్న వేసేసరికి మాట రాదు. ఇది చూసి చూసి నాకు విసుగు వచ్చింది.

తప్పు పిల్లలది కాదు. చాట్‌బాట్ సహజంగా ఎదుటివారికి నచ్చేలా మాట్లాడటం వైపే మొగ్గుతుంది. దేన్ని బట్టి కొలవాలో చెప్పకుండా మార్కులు అడిగితే ఏడు, ఎనిమిది దగ్గరే తిరుగుతుంది. కొలత మనమే చేతికివ్వాలి. ఎలా ఇవ్వాలో ఒకే ఉద్యోగం తీసుకుని చెబుతాను: బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీగా చేరాలనుకునే ఫ్రెషర్. మన జిల్లా పిల్లలు ఎక్కువగా అడిగేది ఈ ఉద్యోగం గురించే.

కావలసినవి

ఫోను చాలు, ఉచితంగా దొరికే ఏ చాట్‌బాట్ అయినా పనికొస్తుంది. ఉద్యోగ ప్రకటన, మీ రెజ్యూమె దగ్గర పెట్టుకోండి. రెజ్యూమె అతికించే ముందు అందులోంచి ఫోను నంబరు, ఇంటి చిరునామా, ఆధార్ సంఖ్య తీసేయండి. ఇంటర్వ్యూకు వాటితో పని లేదు. ఒక నోటుపుస్తకం కూడా ఉండాలి.

పాత్ర ఇవ్వడం

"హెచ్ఆర్‌లా నటించు" అని ఎప్పుడూ రాయకండి. హెచ్ఆర్ పాత్ర ఇస్తే మీ బలాలేమిటి, బలహీనతలేమిటి అని అడుగుతుంది, మీరు బట్టీపట్టిన జవాబు చెబుతారు. మీతో రోజూ పని చేయించుకోవలసిన మనిషి పాత్ర ఇవ్వండి. ఆ మనిషికి మీ బలాల జాబితా అక్కర్లేదు. మీ చేతికి బ్యూరెట్ ఇస్తే ఏం చేస్తారన్నదే కావాలి. "ఇంటర్వ్యూలో అడిగే యాభై ప్రశ్నలు" వంటి జాబితాలు చదవడం కంటే ఈ పద్ధతి మేలని నేను గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇదే. జాబితా మీ జవాబు విని దాని మీద ఇంకో ప్రశ్న వేయదు.

చాట్‌బాట్‌కు మనం రాసిచ్చే సూచనను ప్రాంప్టు అంటారు. అందులో ఈ భాగాన్ని ఇలాగే రాయండి:

```
నువ్వు మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ అధిపతివి.
ట్రైనీ కెమిస్ట్ ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నావు.
నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఉద్యోగ అనుభవం లేదు.
మొత్తం 6 ప్రశ్నలు. ఒక్కొక్కటి అడిగి నా జవాబు కోసం ఆగు.
నా తరఫున నువ్వు జవాబు రాయకు.
ప్రశ్నలు సులభమైన ఇంగ్లీషులో, ఫీడ్‌బ్యాక్ తెలుగులో.
మధ్యలో మెచ్చుకోకు, సరిదిద్దకు, మార్కులు చెప్పకు.
"ఇంటర్వ్యూ ముగిసింది" అని నేను రాశాకే మార్కులు వెయ్యి.
```

"జవాబు కోసం ఆగు" అన్న మాట మరిచిపోతే ఆరు ప్రశ్నలూ ఒకేసారి గుమ్మరిస్తుంది, ఒక్కోసారి జవాబులు కూడా తనే రాసేస్తుంది. ఫీడ్‌బ్యాక్ తెలుగులోనే అడగండి. తప్పు ఎక్కడుందో సొంత భాషలో చదివితేనే మనసుకు పడుతుంది. ప్రశ్నలు ఆరు దాటనివ్వకండి. సంభాషణ సాగేకొద్దీ మొదట ఇచ్చిన నియమాల మీద దాని పట్టు సడలి, మళ్ళీ మెచ్చుకోళ్ళలోకి జారుతుంది.

మార్కుల కొలత: ఇక్కడ తొందర పడకండి

అందరూ చెడగొట్టేది ఇక్కడే.

మొదటి సంగతి, పదికి మార్కులు అడగవద్దు. ఆరుకూ ఏడుకూ తేడా ఏమిటో మీరు చెప్పలేరు, అదీ చెప్పలేదు. సున్నా నుంచి నాలుగు వరకు చాలు, కానీ ఒక్కో అంకె పక్కన అది ఏ జవాబుకు వస్తుందో రాసి ఉండాలి. "బాగుంది", "పర్వాలేదు" అని రాస్తే కొలత కాదు. జవాబులో కంటికి కనిపించేదేదో రాయాలి.

రెండోది, వరుస. మార్కు ముందు రాయనిస్తే పని చెడినట్టే. చాట్‌బాట్ ఒక మాట తర్వాత ఒక మాటగా రాసుకుంటూ పోతుంది, అప్పటికే రాసినదాని మీద తర్వాతి మాట ఆధారపడుతుంది. ముందు "4" అని రాసేస్తే, ఆపైన వచ్చేదంతా ఆ నాలుగును సమర్థించడానికే సరిపోతుంది. అందుకని ముందు మీ మాటలు ఎత్తి రాయించాలి, తర్వాత లోపం చెప్పించాలి, అంకె ఆఖరున రావాలి. పాత్ర ఇచ్చిన భాగం కిందనే దీన్నీ చేర్చండి:

```
ప్రతి జవాబుకూ ఈ వరుసలోనే రాయి:
మొదట, నా జవాబులోని మాటలు ఉన్నవి ఉన్నట్టుగా.
తర్వాత, అందులో లోపించింది ఏమిటి.
చివరగా మార్కు, 0 నుంచి 4.
0 = జవాబు లేదు, లేదా ప్రశ్నతో సంబంధం లేదు
1 = ఎవరైనా చెప్పగల మాటలు, లేదా విషయం తప్పు
2 = విషయం సరైనది, కానీ నేను చేసే పని చెప్పలేదు
3 = విషయం సరైనది, నేను చేసే పని వరుసగా చెప్పాను
4 = 3లో ఉన్నవన్నీ, పైగా ఎందుకు చేస్తానో చెప్పాను
సందేహం ఉంటే తక్కువ మార్కు వెయ్యి.
నేను బతిమాలినా మార్కు మార్చకు. నా జవాబులో నువ్వు
వదిలేసిన మాట చూపిస్తేనే మార్చు.
```

చివరి నియమం ఎందుకంటే, "నా జవాబు బాగానే ఉంది కదా" అని ఒక్కసారి అంటే చాలు, చాట్‌బాట్ క్షమాపణ చెప్పి మార్కు పెంచేస్తుంది. ఎదుటి కుర్చీలో మనిషి ఉంటే అలా పెంచరు.

మూడోది, సబ్జెక్టు ప్రశ్నల విషయంలో దాని పరిజ్ఞానాన్ని మాత్రమే నమ్మవద్దు. తప్పును కూడా తడబాటు లేకుండా చెప్పగలదు. అలాంటి ప్రశ్నలు రెండో మూడో ఎంచుకుని, సరైన జవాబులో ఉండవలసిన అంశాలను అదే ఉద్యోగం చేస్తున్న సీనియర్‌ను అడిగి ప్రాంప్టులో చేర్చండి. మన ఊళ్ళలో పైడిభీమవరం షిఫ్టుకు వెళ్ళే వాళ్ళు వీధికొకరు ఉంటారు. అడిగితే చెబుతారు.

ఇవి మూడూ ఎంత తేడా తెస్తాయో ఒక అమ్మాయి విషయంలో చూశాను. ఆమెది ఆమదాలవలస వైపు ఊరు, ల్యాబ్ పని బాగా వచ్చిన పిల్ల. ప్రశ్న ఇది: టైట్రేషన్‌లో మూడు రీడింగులు 10.2, 10.2, 11.0 మిల్లీలీటర్లు వచ్చాయి, ఏం చేస్తావు? ఆమె జవాబు: "మూడోది తప్పు కాబట్టి దాన్ని కొట్టేసి ఇంకోసారి చేస్తాను."

ఆమె తన ఒక్క వాక్యపు ప్రాంప్టుతో అడిగినప్పుడు దీనికి పదికి ఎనిమిది వచ్చింది, ఆత్మవిశ్వాసం ఉందన్న మెచ్చుకోలు కూడా. కాలేజీ ప్రాక్టికల్స్‌లో ఆ జవాబు చెల్లుతుంది. మందుల కంపెనీలో ఆ ఒక్క మాటతో ఇంటర్వ్యూ ముగిసిపోవచ్చు. అక్కడ వచ్చిన రీడింగును కొట్టేయడం, దాచడం పెద్ద తప్పు. రీడింగు ఉన్నది ఉన్నట్టు ఉంచాలి, ద్రావణాలు పారబోయకూడదు, పైఅధికారికి చెప్పాలి. బ్యూరెట్‌లో గాలి బుడగ ఉందా, రంగు మారే క్షణం దాటిపోయిందా అని కారణం వెతకాలి. మళ్ళీ చేయడమన్నది అనుమతి వచ్చాకే. ఈ అంశాలు చేర్చి, పై కొలత పెట్టి అదే జవాబు ఇస్తే ఒకటి వచ్చింది. లోపం కింద "కొట్టేసి" అన్న ఆమె మాటనే ఎత్తి చూపింది. ఆ పిల్ల ఆ మాట కేసి కాసేపు చూసి, "సర్, మూడేళ్ళూ ల్యాబ్‌లో ఇలాగే చేశామండి" అంది. ఎనిమిది మార్కులు ఆమెకు ఆ సంగతి ఎన్నటికీ చెప్పేవి కావు.

కొలతను ముందు పరీక్షించండి

ఇంటర్వ్యూ మొదలుపెట్టే ముందు పది నిమిషాలు దీనికి కేటాయించాలి. దీన్ని మానేసిన వాళ్ళ మార్కులు నేను చూడను కూడా చూడను.

కావాలనే ఒక చెత్త జవాబు ఇవ్వండి: "నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, అందరితో కలిసిపోతాను." వెంటనే "ఇంటర్వ్యూ ముగిసింది" అని రాయండి. దీనికి ఒకటి రావాలి. రెండు వచ్చినా కొలత వదులుగా ఉన్నట్టే. ఒకటి పక్కన ఈ వాక్యాన్నే ఉదాహరణగా రాసి మళ్ళీ పెట్టండి. తర్వాత ఒకే ప్రశ్ననూ దానికి ఒక మామూలు జవాబునూ రెండు వేర్వేరు కొత్త చాట్‌లలో ఇచ్చి చూడండి. పాత చాట్‌లోనే అడిగితే ముందు వేసిన మార్కు దాని కళ్ళముందే ఉంటుంది, పరీక్ష కాదు. రెండు మార్కులకూ ఒకటి కంటే ఎక్కువ తేడా ఉంటే రెండుకూ మూడుకూ మధ్య రాసిన మాటలు ఇంకా స్పష్టం చేయాలి.

చివరగా, అది ఎత్తి రాసిన మీ మాటలు నిజంగా మీవేనా అని వేలు పెట్టి చదవండి. మీరు అనని మాటను మీ నోట పెట్టి దానికి మార్కు వేస్తే ఆ మార్కు లెక్కలోంచి తీసేయండి.

ఇంటర్వ్యూ, ఆ తర్వాత

ఆరు ప్రశ్నలకూ ఏకబిగిన జవాబు ఇవ్వండి. మధ్యలో పుస్తకం తెరవకండి, రాసింది చెరిపి దిద్దకండి. ముగిశాక మొత్తం కూడి సగటు తీయడం మానండి. ఐదు మూడులు, ఒక ఒకటి వస్తే సగటులో ఆ ఒకటి మరుగున పడుతుంది, మిమ్మల్ని వెనక్కి పంపేది మాత్రం అదే. అన్నిటికంటే తక్కువ వచ్చిన జవాబు ఒక్కదాన్నే నోటుపుస్తకంలో రాసుకుని, మరునాడు కొత్త చాట్‌లో ఆ ప్రశ్నకే మళ్ళీ జవాబు ఇవ్వండి. ఆదర్శ జవాబు రాసిమ్మని దాన్ని అడగవద్దు. రాసిస్తే బట్టీపడతారు, ఎదుటి మనిషి మాట కొంచెం మార్చి అడిగితే ఆగిపోతారు. ఆ అమ్మాయికి మరునాడు మూడు వచ్చింది. రీడింగు ఎందుకు కొట్టేయకూడదో కారణం కూడా చెప్పాక, మూడో రోజు నాలుగు వచ్చింది.

ఈ మార్కు మీరు రాసిన మాటలకే. గొంతు వణికిందా, ఎన్నిసార్లు ఆగారు, ఎటు చూస్తూ మాట్లాడారు అన్నది దానికి తెలియదు. మాట్లాడి టైపు చేయించినా, తడబాట్లు చాలావరకు అక్షరాల్లోకి రావు. అందుకే మూడు దాటిన జవాబును ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, ఫోను పక్కన పెట్టి, వాళ్ళ ముఖం చూస్తూ ఇంగ్లీషులో చెప్పండి. వినేవాళ్ళకు ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు. ఎక్కడ ఆగారో వాళ్ళు లెక్కపెడితే చాలు.