ఇంట్లో రోగికి నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర ఇచ్చే ముందు

☐ నొప్పి ముదిరేదాకా ఆగకండి. మామూలు మాత్ర సుమారు 4 గంటలే పనిచేస్తుంది, కాబట్టి డాక్టరు రాసిన వేళకే ఇవ్వండి. నొప్పికి తగ్గ మోతాదులో వాడితే ప్రాణం తొందరగా పోదు. వ్యసనమవడమూ చాలా అరుదు.

☐ విరేచనం మందు మొదటి రోజు నుంచే ఉండాలి. మగత, వికారం కొన్నాళ్లకు తగ్గుతాయి, మలబద్ధకం తగ్గదు.

☐ ముందు పేరు పెట్టి పిలవండి. తట్టినా లేవకపోయినా, శ్వాస నిమిషానికి 8 సార్లకన్నా తగ్గినా ఇవ్వకుండా వెంటనే వైద్య బృందానికి ఫోన్ చేయండి. చివరి రోజుల్లో జబ్బు వల్లే ఇలా ఉండొచ్చు, తేడా వాళ్లే చెప్పాలి.

☐ మింగలేకపోతే ఏదీ నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తులసి తీర్థమైనా పెదాలకు అద్దితే చాలు. మార్ఫిన్ మాత్రం ఉన్నట్టుండి మానేయకండి, ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చేమో అడగండి.

☐ గొంతులో గురగుర వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అది మింగలేని లాలాజలం చప్పుడు. వినేవాళ్లకున్నంత బాధ సాధారణంగా రోగికి ఉండదు.