చదివి జవాబులు చెప్పే చిన్న కథ ఎలా రాయాలి? వీడియో కాల్‌లో అమ్మమ్మ కథ ఉదాహరణగా

పిల్లలు చదివి, ప్రశ్నలకు జవాబులు చెప్పేలా ఒక కథ రాయాలంటే ముందు అందులో పిల్లలు ఆలోచించి పట్టుకోవలసిన విషయం ఒకటి ఉండాలి. అన్నీ విడమరిచి చెప్పేస్తే ప్రశ్నలు అడగడానికి ఏమీ మిగలదు. విదేశంలో ఉన్న మనవరాలికి అమ్మమ్మ ఫోన్‌లో కథ చదివి వినిపించడం ఇందుకు బాగా పనికొస్తుంది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం వీడియో కాల్‌లో సహజంగానే జరుగుతుంది కదా.

1. దాచాల్సిన విషయం ముందే తేల్చుకోండి

మన కథలో అది ఇదీ: మధ్యలో నెట్‌వర్క్ పోయింది, ఆ సంగతి అమ్మమ్మకు తెలియదు, ఆమె చదువుతూనే ఉంది. ఈ మాట కథలో ఎక్కడా రాయకూడదు. దాన్ని పట్టించే ఆధారాలు మాత్రం తప్పకుండా ఉండాలి.

2. కథ రాయండి

ఏడెనిమిదేళ్ల పిల్లలకైతే వాక్యాలు పొట్టిగా ఉండాలి, ఒక్కో వాక్యంలో ఒక్క పనే జరగాలి.

> అమ్మమ్మ ఫోన్‌ను డబ్బాకు ఆనించి, కళ్లజోడు పెట్టుకుంది. తెర మీద తన్వి కనిపించింది. తన్వి వేరే దేశంలో ఉంటుంది. అమ్మమ్మ కిటికీ బయట అంతా చీకటి. తన్వి మాత్రం స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.
>
> అమ్మమ్మ కథ చదవసాగింది. "గాలికి గూడు ఊగింది. పిచ్చుక పిల్ల గూటి అంచుకు వచ్చింది..."
>
> అంతలో తెర మీద అమ్మమ్మ కదలకుండా ఆగిపోయింది. మాట కూడా వినిపించలేదు. తన్వి బ్యాగు పక్కన పెట్టి, తెరకు దగ్గరగా జరిగింది.
>
> కాసేపటికి అమ్మమ్మ కదిలింది. "...తల్లి రెక్క కింద వెచ్చగా పడుకుంది" అని చదువుతోంది.
>
> "అమ్మమ్మా! పిల్ల కింద పడిందా? మధ్యలో ఏమైంది?" అంది తన్వి.
>
> అమ్మమ్మ ఒక పేజీ వెనక్కి తిప్పింది.

3. ప్రశ్నలు తయారు చేయండి

మొదటి ప్రశ్న తేలికగా ఉండాలి. కథలో ఉన్న మాటతోనే జవాబు దొరకాలి: తెర ఆగిపోయేసరికి పిచ్చుక పిల్ల ఎక్కడ ఉంది? దీనితో పిల్లల టెన్షన్ తగ్గుతుంది. ఇలాంటివి ఒకటి రెండు చాలు.

అసలు ప్రశ్న తర్వాత వస్తుంది: తెర ఆగినప్పుడు అమ్మమ్మ చదవడం ఆపిందా? నీకెలా తెలిసింది? ఆపలేదు. కదిలేసరికి కథ చాలా ముందుకు వెళ్లిపోయింది, అదే ఆధారం. 'నీకెలా తెలిసింది' అన్న రెండో ముక్క వదిలేయకండి. అవును, కాదు అని చెప్పే ప్రశ్నకు ఊహించి చెప్పినా సగం సార్లు సరిపోతుంది.

ఇంకో ప్రశ్న: ఇద్దరి దగ్గరా ఒకే సమయమా? చీకటి ఒక వాక్యంలో, బ్యాగు ఇంకో వాక్యంలో ఉన్నాయి. రెండూ కలిపితేనే జవాబు వస్తుంది.

చివరగా ఊహకు సంబంధించినది: తన్వికి వినపడని భాగం రెండు వాక్యాల్లో రాయి. దీనికి ఒకే జవాబు లేదు. కానీ గూటి అంచున మొదలై తల్లి రెక్క కింద ముగియాలి. అలా అతకని జవాబు ఎంత అందంగా ఉన్నా సరైనది కాదు.

4. కథ చూపకుండా ప్రశ్నలు అడిగి చూడండి

కథ చదవని వాళ్లకు ప్రశ్నలు మాత్రం ఇవ్వండి. వాళ్లు చెప్పగలిగిన ప్రశ్న తీసేయాలి. 'తన్వికి అమ్మమ్మ అంటే ఇష్టమా?' అంటే ఎవరైనా అవుననే చెబుతారు. అదే 'తన్వి కథ శ్రద్ధగా వింటోందని ఏ పనుల వల్ల తెలుస్తోంది?' అని అడిగితే, బ్యాగు పక్కన పెట్టడం, తెరకు దగ్గరగా జరగడం, మధ్యలో ఏమైందని అడగడం కథలోకి వెళ్లి వెతుక్కోవాలి. ఒక ప్రశ్నలోనే ఇంకో ప్రశ్నకు జవాబు బయటపడుతోందేమో కూడా చూసుకోండి. నెట్‌వర్క్ అన్న మాట ఏ ప్రశ్నలో వాడినా అసలు ప్రశ్న పాడైపోతుంది.

5. తప్పు జవాబు వస్తే

'అమ్మమ్మ ఆపేసింది' అని చాలామంది పిల్లలు చెబుతారు. వెంటనే సరిదిద్దకుండా, ఏ వాక్యం చూసి చెప్పావో వేలు పెట్టి చూపించమనండి. 'ఆగిపోయింది' దగ్గర వేలు పెడితే ఆ మాట సరిగ్గానే చదివినట్టు, తర్వాతి వాక్యంతో కలపలేదు, అంతే. అప్పుడు పిచ్చుక వాక్యాలు రెండూ పక్కపక్కనే పైకి చదివించి, వీటి మధ్య ఏదో తగ్గినట్టుందా అని అడగండి. ఎక్కడా వేలు పెట్టలేకపోతే మాత్రం ఊహించి చెప్పినట్టే. కథ ఇంకోసారి మొదటి నుంచి చదివించాలి.